ఎదురుకాళ్ళ కాన్పు: లాగాలనిపిస్తే థియేటర్‌కి వెళ్ళాలి

నెలలు నిండాక కూడా నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు తల పైకి, పిర్రలు కిందికి పెట్టుకుని ఉండిపోతారు. వాడుకలో ఎదురుకాళ్ళ బిడ్డ అనేది, లేబర్ రూమ్‌లో మేం బ్రీచ్ అనేది దీన్నే. ఈ బిడ్డను మామూలు కాన్పులో బయటికి తీసుకురావచ్చా అనే చర్చ మొదలైతే చాలు, గదిలో ఉన్నవాళ్ళు రెండుగా చీలిపోతారు. ఒకరు "బ్రీచ్ అంటే సిజేరియనే, మాట్లాడేదేముంది" అంటారు. ఇంకొకరు "చెయ్యి పెట్టకుండా వదిలేస్తే బిడ్డ తనే వచ్చేస్తుంది" అంటారు. లేబర్ రూమ్‌లో చాలా కాలంగా పనిచేస్తున్న డాక్టర్‌గా నాకు ఈ రెండు మాటలతోనూ పేచీ ఉంది. మొదటి మాట, తగిన తల్లులకు న్యాయంగా ఉన్న ఒక దారిని మూసేస్తుంది. రెండో మాట అంతకంటే ప్రమాదం. ఎవరికి చెయ్యి పెట్టకుండా ఆగవచ్చో ముందే తేల్చుకోకపోతే, ఆగడం అంటే బిడ్డను వదిలేయడమే అవుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తల్లిని ఎంచుకోవడం, చెయ్యి పెట్టకుండా ఆగడం వేరువేరు నియమాలు కావు. బిడ్డ పిర్రలు తల్లి నొప్పులతో, తల్లి ముక్కుడుతో వాటంతట అవే కిందికి దిగి రావాలి. అలా దిగుతుంటే ఆగుతాం. దిగకపోతే ఆ తల్లి ఈ కాన్పుకు తగదని అప్పుడు తెలిసినట్టు, సిజేరియన్‌కి వెళ్తాం. పిర్రలు పైన ఉండగా లాగి దించడం అనే మూడో దారి లేదు.

ఎందుకు లేదో అర్థం కావాలంటే బిడ్డ ఎలా దిగుతుందో చూడాలి.

కాళ్ళు రెండూ పైకి చాచి, పాదాలు మొహం దగ్గర పెట్టుకున్న బిడ్డను తీసుకుందాం. నెలలు నిండిన బ్రీచ్‌లలో ఎక్కువ మంది ఇలాగే ఉంటారు. ఒక తుంటి నుంచి ఇంకో తుంటికి వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. ఆ వెడల్పు తల్లి కటిలోకి ఏటవాలుగా దిగుతుంది. ముందున్న పిర్ర కటి అడుగు కండరాలను ముందుగా తాకి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు తిరిగి, తల్లి ముందు ఎముక కిందికి వస్తుంది. ఇప్పుడు బిడ్డ పక్కకి తిరిగి ఉంటుంది. ఆ పక్క మీదే నడుము వంచుకుంటూ, వెనక పిర్ర తల్లి యోనికీ మలద్వారానికీ మధ్యనున్న మూలాధారాన్ని సాగదీసి బయటికి వస్తుంది, వెంటనే ముందు పిర్ర వస్తుంది. ఆ తర్వాత కాళ్ళు జారిపడతాయి, వీపు మెల్లగా తల్లి ముందు వైపుకి తిరుగుతుంది. భుజాలు మళ్ళీ ఏటవాలుగా దిగి, తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈలోగా తల, గడ్డం ఛాతీకి ఆనించుకుని, కటిలోకి దిగుతుంది. చివరికి మెడ వెనక భాగం తల్లి ముందు ఎముక కింద ఆనుకుంటుంది. ఆ ఆనికతో తల వంగుతూ గడ్డం, నోరు, ముక్కు, నుదురు, మాడు వరసగా బయటికి వస్తాయి.

ఇందులో ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద ఆధారపడి ఉంది. అన్నిటి కింద ఉన్న షరతు ఒకటే: బిడ్డ ముడుచుకుని ఉండాలి. చేతులు ఛాతీ మీద, గడ్డం ఛాతీకి. ఈ ముడుపును నిలబెట్టేది పైనుంచి గర్భసంచి నొక్కే ఒత్తిడి, బిడ్డ ఒంట్లోని బిగువు. కింది నుంచి లాగితే ఆ రెండూ పోతాయి. పైన ఒత్తిడి లేకుండా మొండెం కిందికి జారితే చేతులు పైనే ఉండిపోయి తల పక్కకి చేరతాయి. పైగా ఒక్కసారిగా పట్టుకుని కదిపితే ఉలిక్కిపడిన బిడ్డ చేతులు విప్పి పైకి విసురుతుంది. పుట్టిన బిడ్డల్లో రోజూ చూసే ప్రతిస్పందనే అది. గడ్డం ఛాతీని వదిలి పైకి లేస్తుంది. అప్పుడు కటిలోకి దిగాల్సిన తల కొలతే పెద్దదైపోతుంది. ముడి పడిన తాడును లాగినకొద్దీ బిగుసుకున్నట్టు, లాగినకొద్దీ బిడ్డ ఇరుక్కుంటుంది. లాగినవాళ్ళకు అది "కష్టమైన బ్రీచ్"గా కనబడుతుంది. నిజానికి ఆ కష్టంలో చాలా భాగం లాగడంలోంచే పుట్టింది.

తలకిందులుగా ఉన్న బిడ్డకీ బ్రీచ్ బిడ్డకీ అసలైన తేడా ఇంకొకటుంది. మామూలు కాన్పులో తల మొదట వస్తుంది. అది పెద్దదైతే పైనే ఆగిపోతుంది. ఆపరేషన్‌కి వెళ్ళడానికి గంటల వ్యవధి ఉంటుంది. బ్రీచ్‌లో అతి పెద్ద భాగం ఆఖరున వస్తుంది. అప్పటికి మొండెం బయట ఉంటుంది, బొడ్డుతాడు తలకీ ఎముకకీ మధ్య నలుగుతూ ఉంటుంది. వెనక్కి వెళ్ళే దారి ఉండదు. అందుకే ఈ కాన్పులో చేయాల్సిన పరీక్షంతా ముందే చేయాలి. ఎంపిక గురించి నేనింత పట్టుబట్టడం అందుకే.

ఎంపికలో నేను మొదట అడిగేది బిడ్డ మెడ ఎలా ఉందని. స్కానింగ్‌లో మెడ వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి చుక్కలు చూస్తున్నట్టు ఉంటే మాట్లాడడానికేమీ లేదు, సిజేరియనే. అలాంటి తల వెనకాలే దిగితే వెన్నుపాము దెబ్బతినే ప్రమాదం ఉంది. మెడ మామూలుగానో వంగో ఉంటే ముందుకు వెళ్తాను.

తర్వాత కాళ్ళు. చాచిన కాళ్ళతో పిర్రలు నిండుగా ఉంటే గర్భసంచి ముఖద్వారం మీద బాగా ఆనుతాయి, బొడ్డుతాడు జారే అవకాశం తక్కువ. మోకాళ్ళు మడిచి కూర్చున్నట్టున్న బిడ్డను కూడా తీసుకోవచ్చు, కాస్త ఎక్కువ జాగ్రత్తతో. పిర్రల కంటే పాదం ముందు దిగుతున్న బిడ్డను మాత్రం నేను తీసుకోను. సన్నని పాదం ముఖద్వారాన్ని నింపదు. ఆ ఖాళీలోంచి తాడు జారవచ్చు. అంతకంటే భయపెట్టేది ఇంకొకటి. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే కాళ్ళూ మొండెమూ జారి వచ్చేస్తాయి, తల అక్కడ పట్టుబడిపోతుంది. నెలలు నిండని బిడ్డల్లో ఇదే గొడవ, ఎందుకంటే వాళ్ళకి ఒంటితో పోలిస్తే తల పెద్దది.

మూడోది బరువు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ 2017 మార్గదర్శకం 3.8 కిలోలు దాటిన అంచనాను, అలాగే ఎదుగుదల తగ్గిన బిడ్డను ప్రమాదం పెంచే అంశాలుగా చెప్పింది. కెనడా మార్గదర్శకం 2.5 నుంచి 4 కిలోల మధ్య అంటుంది. స్కానింగ్ అంచనా పది శాతం అటూ ఇటూ తప్పడం మామూలే కాబట్టి నేను ఈ అంకెలను గోడల్లా చూడను. కానీ బక్కచిక్కిన బిడ్డ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. "చిన్న బిడ్డ, సులువుగా వచ్చేస్తుంది" అనుకుంటారు. మాయ సరిగా పనిచేయక బక్కచిక్కిన బిడ్డకు చివరి ఆ కొద్ది నిమిషాలు తట్టుకునే నిల్వ ఉండదు. ఒంట్లో బిగువు తక్కువగా ఉంటే ముడుపు కూడా నిలవదు.

ఇవి కాక తల్లికి మాయ అడ్డు వంటి మామూలు కాన్పుకు పనికిరాని కారణాలు ఉండకూడదు. ముందు కాన్పు మామూలుగా జరిగి ఉంటే ధైర్యం కొంత ఎక్కువ, కానీ తొలిచూలు కావడమే అడ్డంకి కాదు. ఇక తల్లి ఇష్టం. దాన్ని చివర చెబుతున్నాను గానీ చివరి స్థానం దానిది కాదు. ఇష్టంలేని తల్లిని ఒప్పించి ఈ కాన్పు చేయించకూడదు.

ఒక తల్లి కథ వివరంగా చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యం వివరాలు మార్చలేదు.

రెండో కాన్పు. మొదటి బిడ్డ 2.9 కిలోలు, మామూలు కాన్పే. 36వ వారంలో పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే పైన పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా, వేళ్ళ మధ్య ఆడే తల తగిలింది. 37వ వారంలో పొట్ట మీంచే బిడ్డను తిప్పే ప్రయత్నం చేశాం. ఇది సుమారు సగం మందిలో ఫలిస్తుంది, కాబట్టి బ్రీచ్ కాన్పు గురించి మాట్లాడే ముందు దీన్ని తప్పకుండా అడగాలి. ఈమెకు ఫలించలేదు, పిర్రలు అప్పటికే కటిలో కూరుకుపోయి పైకి లేవలేదు. స్కానింగ్‌లో కాళ్ళు చాచి ఉన్నాయి, మెడ వంగి ఉంది, ఉమ్మనీరు సరిపడా ఉంది, అంచనా బరువు 3.1 కిలోలు.

"మీరేం చేస్తారు మేడమ్, మీ చెల్లెలైతే?" అని అడిగింది. ఈ ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పను, ఎందుకంటే నా చెల్లెలి భయాలు వేరు, ఆమె భయాలు వేరు. అంకెలు చెప్పాను. 39వ వారం దాటాక సిజేరియన్ అయితే కాన్పు సమయంలో గానీ ఆ దగ్గరి రోజుల్లో గానీ బిడ్డ చనిపోయే అవకాశం వెయ్యికి 0.5. బ్రీచ్ కాన్పుకు సిద్ధపడితే వెయ్యికి 2. తల కిందికున్న బిడ్డతో మామూలు కాన్పుకు సిద్ధపడితే వెయ్యికి 1. రాయల్ కాలేజ్ ఇచ్చిన అంకెలివి. పుట్టిన వెంటనే బిడ్డ నీరసంగా ఉండి కాస్త సాయం అవసరమయ్యే అవకాశం బ్రీచ్‌లో ఎక్కువని చెప్పాను. సిజేరియన్ అయితే కుట్టు మచ్చ తర్వాతి గర్భాలకు తెచ్చే ఇబ్బందులు చెప్పాను: మచ్చ చిట్లడం, మాయ మచ్చలోకి పాతుకుపోవడం. బ్రీచ్‌కి సిద్ధపడినా మధ్యలో సిజేరియన్‌కి మారే అవకాశం గట్టిగానే ఉందనీ చెప్పాను. ఆమెకు ఇంకో బిడ్డ కావాలని ఉంది. రెండు రోజులు ఆలోచించుకుని ప్రయత్నిద్దామంది.

39వ వారంలో నొప్పులు వాటంతట అవే మొదలయ్యాయి. ఇది నాకు ముఖ్యం. బ్రీచ్‌లో నొప్పులు తెప్పించడానికి నేను సాధారణంగా ఒప్పుకోను. మధ్యలో నెమ్మదిస్తే మందు పెట్టి తరమడానికీ ఒప్పుకోను, మత్తు సూది వల్ల నొప్పులు పలచబడిన సందర్భంలో తప్ప. గర్భసంచి బాగా పనిచేస్తూ బిడ్డ దిగడం లేదంటే అది మనకి చెబుతున్న కబురు. మందుతో ఆ కబురు వినబడకుండా చేయకూడదు.

ఉమ్మనీటి సంచిని మేం చిట్లించలేదు. ముఖద్వారం 7 సెంటీమీటర్లు ఉండగా తనే పగిలింది. వెంటనే లోపల చూసి తాడు జారలేదని నిర్ధారించుకున్నాం. బిడ్డ గుండె చప్పుడు మెషీన్ మీద ఆపకుండా నడుస్తోంది. కాసేపటికి బిడ్డ నల్లటి మలం చిక్కగా కారడం చూసి కొత్త సిస్టర్ కంగారుపడింది. పిర్రలు నొక్కుకుపోతుంటే బ్రీచ్‌లో అది మామూలే, గుండె చప్పుడు బాగున్నంత వరకు దానికి హడావిడి పడక్కర్లేదు.

1:10కి ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది. చుట్టూ వేలు తిప్పి ఎక్కడా అంచు మిగల్లేదని నేనే చూశాను. ఈ ఒక్క పరీక్షను ఇంకొకరి మాట మీద వదలను. తల్లికి ముక్కాలనిపిస్తోంది. "ఇప్పుడే వద్దమ్మా, నొప్పి వస్తే ఊపిరి వదులుతూ ఉండు, బిడ్డ తనే దిగుతుంది" అన్నాను. పిర్రలు మూలాధారం దాకా దిగి కనబడే వరకు ముక్కించకపోవడం మంచిది. రెండు గంటల్లో కూడా పిర్రలు కనబడకపోతే సిజేరియన్ సలహా ఇవ్వాలి. ఈమెకు 2:05కి కనబడ్డాయి. అప్పుడు ముక్కమన్నాం. థియేటర్ సిద్ధంగా ఉంది, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ గదిలోకి వచ్చారు. ఆమె మంచం అంచున, వెనక్కి ఆనుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది.

2:26కి రెండు పిర్రలూ బయటికి వచ్చాయి. "టైమ్" అన్నాను, గోడ దగ్గర నిలబడ్డ సిస్టర్ రాసుకుంది. ఇక్కడి నుంచి గడియారం నాకు గుండె చప్పుడు మెషీన్ అంత ముఖ్యం. పిర్రలు వచ్చాక తల రావడానికి 5 నిమిషాలు దాటితే, బొడ్డు కనబడ్డాక 3 నిమిషాలు దాటితే ఆగడం ఆపి సాయం చేయాలి.

కొత్తగా చేరిన డాక్టర్ చెయ్యి బిడ్డ తొడల వైపు వెళ్ళింది. ఎవరి చెయ్యైనా వెళ్తుంది. సగం బయటికి వచ్చి వేలాడుతున్న బిడ్డను చూస్తూ ఊరుకోవడం మనిషి స్వభావానికే విరుద్ధం. అందుకే నేను చేతులు వెనక్కి కట్టుకోమని ముందే చెప్పి ఉంచుతాను. మోకాళ్ళు కనబడేదాకా ఆగాం. కాళ్ళు వాటంతట అవే జారిపడ్డాయి. పడకపోయుంటే మోకాలి వెనక గుంటలో వేలితో నొక్కి, మోకాలు మడిచి, పక్కకి తీయాలి. పాదం పట్టి కిందికి లాగకూడదు.

2:28కి బొడ్డు కనబడింది. తాడు లావుగా, కొట్టుకుంటూ ఉంది. బిడ్డ కాళ్ళు ఒకసారి పొట్ట వైపుకి ముడుచుకున్నాయి. చూడడం తెలిసినవాళ్ళకు అది మంచి గుర్తు: బిగువు ఉంది, ముడుచుకోగలదు. తెల్లగా పాలిపోయి, గుడ్డలా వేలాడుతూ, తాడు పీలగా ఉండే బిడ్డకైతే గడియారం చూడకుండానే చెయ్యి వేయాలి.

మొండెం రెక్క ఎముకల కొసల దాకా వచ్చింది. మామూలుగా ఇక్కడ మోచేతులు ఛాతీ మీంచి జారి కనబడతాయి. కనబడలేదు. తల్లి ఇంకోసారి గట్టిగా ముక్కింది. బిడ్డ ఒక్క అంగుళం కూడా కదల్లేదు. వేలు ఛాతీ మీదుగా పైకి పోనిస్తే మోచెయ్యి తగల్లేదు. చేతులు తల పక్కకి వెళ్ళిపోయాయి. ఎవరూ లాగకపోయినా ఒక్కోసారి ఇలా జరుగుతుంది.

ఇక్కడ ఆగడం తప్పు. చెయ్యి పెట్టడానికి ఇదే సమయం, దానికి పేరున్న పద్ధతి ఉంది: నార్వేకి చెందిన లోవ్‌సెట్ చెప్పిన తిప్పుడు. రెండు బొటనవేళ్ళు బిడ్డ నడుం కింది ఎముక మీద, మిగతా వేళ్ళు తుంటి ఎముకల చుట్టూ. పట్టు ఎముకల మీదే ఉండాలి. పొట్ట మీద పడితే కాలేయం, మూత్రపిండాల పైనున్న గ్రంథులు నలిగిపోతాయి. బిడ్డ వీపు పైకే ఉండేలా, సగం చుట్టు తిప్పాను. కటి వెనక గోడ పొడవు, ముందు ఎముక పొట్టి. వెనకున్న భుజం అప్పటికే లోతుకు దిగి ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకు తిప్పితే ఎముక కిందికి వచ్చేస్తుంది. తిప్పుతుంటే చెయ్యి తనంతట తనే మొహం మీదుగా ఈడ్చుకుని వస్తుంది. మోచెయ్యి దగ్గర వేలు పెట్టి మొదటి చెయ్యి బయటికి తీశాను, వెనక్కి సగం చుట్టు తిప్పి రెండోది. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు.

మళ్ళీ చేతులు తీసేశాను. బిడ్డ తన బరువుతో తను వేలాడింది. ఇది కొద్ది క్షణాలే, కానీ ఎవరికీ నచ్చని క్షణాలు. ఆ బరువుతోనే తల కటిలోకి దిగి వంగుతుంది. మెడ మీద వెంట్రుకలు మొదలయ్యే గీత కనబడ్డాక బిడ్డను ముంజేతి మీదికి తీసుకున్నాను. రెండు వేళ్ళు బుగ్గ ఎముకల మీద, నోట్లో కాదు; నోట్లో వేలు పెట్టి లాగితే దవడ దెబ్బతింటుంది. ఇంకో చేతి మధ్యవేలు తల వెనక ఆనించి తలను వంచాను. అసిస్టెంట్ తల్లి పొత్తికడుపు కింద మెల్లగా నొక్కింది. గడ్డం, నోరు, ముక్కు. 2:30కి తల వచ్చింది.

పుట్టిన బిడ్డ పరిస్థితికి పదికి వేసే ఆప్గార్ మార్కులు ఒక నిమిషానికి 6, అయిదు నిమిషాలకు 9. త్రాసు మీద 3,050 గ్రాములు.

ఈ కాన్పులో నా చేతులు పనిచేసింది ఒక నిమిషానికి అటూ ఇటూ. ఆ నిమిషం ఎప్పుడో తెలియడానికి కావలసింది మామూలుగా బిడ్డ ఎలా దిగుతుందో కళ్ళకు బాగా తెలిసి ఉండడం. మామూలు తెలియనివాళ్ళకు ప్రతి ఆలస్యమూ ప్రమాదంలా కనబడుతుంది, లేదా అసలైన ప్రమాదం మామూలులా కనబడుతుంది.

ఆమె అడిగి ఉంటే మోకాళ్ళ మీద, చేతుల మీద వంగి కూడా ఈ కాన్పు చేయించేవాళ్ళం. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బృందం 2017లో ప్రచురించిన అనుభవంలో నిటారుగా ఉన్న తల్లులకు చెయ్యి పెట్టాల్సిన అవసరం తగ్గింది, ముక్కే సమయం తగ్గింది. ఆ భంగిమలో బిడ్డ పొట్ట మన వైపు తిరుగుతుంది కాబట్టి ఛాతీ మధ్యలో నిలువు మడత కనబడుతుంది. చేతులు ముందే ఉన్నాయనడానికి అది చక్కటి గుర్తు. కానీ వెల్లకిలా నేర్చుకున్న తిప్పుళ్ళు ఆ భంగిమలో తలకిందులవుతాయి. సాయం చేసేవాళ్ళకు ఏ భంగిమ బాగా వచ్చో అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు ఎప్పుడూ వినే అభ్యంతరానికి వస్తాను: 2000లో, తల్లులను లాటరీ వేసి సిజేరియన్‌కీ బ్రీచ్ కాన్పుకీ పంచి పోల్చిన టర్మ్ బ్రీచ్ ట్రయల్ అంతా తేల్చేసింది కదా? ఆ పరిశోధనను తక్కువ చేయను. 26 దేశాల్లో 2,088 మంది తల్లులు. బిడ్డకు మరణం లేదా తీవ్రమైన ఇబ్బంది సిజేరియన్ వైపు 1.6 శాతం, కాన్పు వైపు 5 శాతం. దాంతో ప్రపంచంలో చాలా చోట్ల బ్రీచ్ కాన్పులు మానేశారు. తర్వాత రెండేళ్ళ వయసులో పిల్లలను మళ్ళీ చూస్తే మరణం, ఎదుగుదల లోపం కలిపిన లెక్కలో రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2006లో ఫ్రాన్స్, బెల్జియంల నుంచి ప్రెమోడా అనే అధ్యయనం వచ్చింది. 8,105 మంది తల్లుల్లో కాన్పుకు సిద్ధపడినవాళ్ళు 2,526 మంది. బిడ్డకు ఇబ్బంది కాన్పు వైపు 1.60 శాతం, సిజేరియన్ వైపు 1.45 శాతం, లెక్కలోకి వచ్చే తేడా లేదు.

ఎందుకింత తేడా? రెండో దాంట్లో తల్లులను లాటరీ వేసి పంచలేదు, డాక్టర్లు ఎంచుకున్నారు. దాన్ని చాలామంది ఆ అధ్యయనం లోపంగా చెబుతారు. శాస్త్రపరంగా ఆ మాట నిజమే. కానీ నా వాదన దృష్ట్యా అసలు విషయం అదే. ఎంచుకున్నారు, పైగా ఎంపికను నొప్పుల్లో కూడా కొనసాగించారు. కాన్పుకు సిద్ధపడినవాళ్ళలో 71 శాతమే అలా ప్రసవించారు, మిగతావాళ్ళను మధ్యలోనే సిజేరియన్‌కి మళ్ళించారు. గంటకు మించి ముక్కిన తల్లులు టర్మ్ బ్రీచ్ ట్రయల్‌లో నూటికి 5 మంది ఉంటే, ప్రెమోడాలో వెయ్యికి ఇద్దరు. ముక్కినా దిగని బిడ్డ కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడలేదు.

అందుకే మధ్యలో సిజేరియన్‌కి మారడాన్ని ఓటమి అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. ఇంకో తల్లికి అన్నీ కుదిరాయి: బరువు, మెడ, కాళ్ళు. ముఖద్వారం తెరుచుకున్నాక రెండు గంటలు దాటినా పిర్రలు పైనే ఉన్నాయి. గుండె చప్పుడు చక్కగా ఉంది, తల్లి హుషారుగా ఉంది. "ఇంకో అరగంట చూద్దాం, లేకపోతే కాలు పట్టుకుని దించేద్దాం" అని పక్కనున్న సీనియర్ ఒకరన్నారు. ఆ బిడ్డ పుట్టింది సిజేరియన్‌లో, మొదటి నిమిషం నుంచే ఏడుస్తూ. పిర్రలు పైనుండగా ఆ తలుపు తెరిచే ఉంది. పిర్రలు లాగి దించిన క్షణం అది మూసుకుపోతుంది, లోపల మిగిలేది మనం కొలవని తల.

ఎంపిక చేసుకునే వీలే లేని తల్లుల సంగతి కూడా చెప్పాలి. బ్రీచ్ అని ముందెవరికీ తెలియదు, తల్లి ముక్కుతూ వస్తుంది, దుప్పటి తీస్తే పిర్రలు కనబడుతుంటాయి. సిజేరియన్ మాత్రమే నేర్చుకున్న డాక్టర్ ఎక్కువగా భయపడాల్సింది ఈ తల్లిని చూసే. పిర్రలు మూలాధారం మీద ఉన్న తల్లిని హడావిడిగా థియేటర్‌కి తోస్తే బిడ్డ దారిలో పుట్టే ప్రమాదం ఉంది, లేదా పైనుంచి కోసి వెనక్కి లాగాల్సి వస్తుంది. ఇలాంటి తల్లికి అలవాటుగా సిజేరియన్ చెప్పకూడదని మార్గదర్శకమే అంటుంది. ఇక్కడ చేయాల్సిన పనులు కొన్నే: ముఖద్వారం పూర్తిగా తెరుచుకుందో లేదో వేలితో చూడడం, గుండె చప్పుడు వినడం, వీలుంటే స్కానింగ్ పెట్టి మెడ చూడడం, పిల్లల డాక్టర్‌కి, మత్తు డాక్టర్‌కి కబురు పెట్టడం, గదిలో లోవ్‌సెట్ తిప్పుడు తెలిసిన చేతులు ఎవరివో తేల్చుకోవడం. తర్వాత గడియారం ముందు నిలబడి, వీపు పైకి తిరుగుతోందా అని చూస్తూ ఉండడం. నలుగురైదుగురు కలిసి బొమ్మ బిడ్డ మీద ఈ వరసను నెలకోసారైనా చేసి చూసుకున్న లేబర్ రూమ్‌లో ఇది జరుగుతుంది. చేసి చూసుకోని చోట, ఎంత మంచివాళ్ళున్నా, మొదట ఎవరో ఒకరు కాలు పట్టుకుంటారు.